అరవై ఒకటో పేజీ లోపం

పేర్లు కప్పేస్తుంటే బయటపడింది ఆ తప్పు. కప్పకపోయి ఉంటే ఎప్పటికీ కనిపించేది కాదేమో.

థీసిస్ చివర వేసే పట్టికలో పిల్లల పేర్లు ఉండకూడదు, నంబర్లే ఉండాలి. వైవా ఇంకా మూడు రోజులుందనగా, శనివారం పొద్దున రొడోరా తుగోనన్ తన రెండో తరగతి రిజిస్టరు ముందేసుకుని, ఒక్కో పేరు మీద తెల్లకాగితం ముక్క అంటించి నంబరు వేస్తోంది. మొదటి జట్టులో ఒకటి, బాకాబాక్. రెండు, బాదియోలా. మూడు, బాంగాయ్. నాలుగు, బెలాండ్రెస్. ఐదు, బూలాక్. అబ్బాయిల్లో ఆరోవాడి దగ్గర ‘టి’ అక్షరం మొదలైంది. అమ్మాయిల వరుసలోనూ అదే తంతు. ఆరుగురు ‘బి’లు, ఆ తర్వాత ‘టి’లు. రెండో జట్టు కాగితం తీసింది. పదిహేడు పేర్లు. పదిహేడూ ‘టి’.

జిగురు అంటిన వేలు గాల్లోనే ఆగిపోయింది.

స్పెయిన్ దొరల కాలంలో ఎవడో గవర్నరు ఇంటిపేర్ల పుస్తకం చింపి ఊరికో కాగితం పంచాడట. అప్పట్నుంచీ వీళ్ళ ఊళ్ళో తాందోయ్, తింగ్సన్, తుగోనన్, తహాన్లాంగిట్. అందరూ ‘టి’నే. కొండమీది ఊరికి ‘బి’ కాగితం వెళ్ళింది. కొండచరియ విరిగిపడ్డ ఏడాది ఆ పైఊరి వాళ్ళు కొందరు దిగివచ్చి ఏటి అవతల గుడిసెలు వేసుకున్నారు. భాష ఒకటే, చర్చి ఒకటే, చేపల బజారూ ఒకటే. ఇంటిపేరు మొదటి అక్షరం ఎవరికి పట్టింది? ఊరంతా ఒకే అక్షరమైనప్పుడు ఆ అక్షరం కంటికి ఆనదు. ఇంకో ఊరి టీచరైతే మొదటి రోజే చూసేది. రొడోరా ‘టి’ల మధ్య పుట్టి, ‘టి’ని కట్టుకుని, ‘టి’లకు చదువు చెప్పిన మనిషి. ఆమెకు తొమ్మిది నెలలు పట్టింది.

జరిగింది ఇదీ. తుఫానుకు బడి పైకప్పు ఎగిరిపోయి ఒక్క గదే మిగిలింది. ముప్పై నలుగురు పిల్లల్ని రెండు జట్లు చేసి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి నడపాల్సి వచ్చింది. నెలకోసారి పూటలు మార్చేది. రిజిస్టర్లో పేర్లు అక్షరక్రమం. అబ్బాయిల వరుసలోనూ అమ్మాయిల వరుసలోనూ పైసగం ఒక జట్టు, కింది సగం ఒక జట్టు. ఎవరినీ ఏరలేదు, వరుస ఎలా ఉంటే అలా కోసింది, ఇంతకంటే నిష్పక్షపాతం ఏముంటుంది అనుకుంది. మొదటి జట్టుకు రోజూ అరగంట ఇంటి భాష కినరాయాలో చదివించింది. రెండో జట్టుకు అదే అరగంట మామూలు పద్ధతిలో ఇంగ్లిషులో. రెంటికీ తనే టీచరు. నిమిషంలో ఎన్ని కినరాయా మాటలు తప్పులేకుండా చదువుతారో జూన్‌లో రికార్డు చేసి వేరే ఊరి టీచరు చేత లెక్కపెట్టించింది, ఫిబ్రవరిలో మళ్ళీ లెక్కపెట్టించింది. మొదటి జట్టు తొమ్మిది నుంచి ముప్పై ఒకటికి వచ్చింది. రెండో జట్టు పదిహేడు నుంచి ఇరవై ఎనిమిదికి. పెరుగుదలలో తేడా పదకొండు మాటలు. ఆ పదకొండు కోసమే ఆమె ఆరేళ్ళుగా శనివారాలన్నీ కాలేజీకి ధారపోసింది.

ఇప్పుడు ఆ పదకొండు కింద నేల కదిలింది. రెండు జట్లూ ఒకలాంటివి కానే కావు. ఒకదాంట్లో పదకొండు మంది ఏరు దాటి వచ్చే పిల్లలు, ఇంకోదాంట్లో ఒక్కరూ లేరు.

ఇది బయటపెడితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. బళ్ళల్లో ఇంటి భాషకు అరగంట ఉంచాలా వద్దా అన్నది పై ఆఫీసు జిల్లాలకే వదిలేసింది. జిల్లా సూపర్‌వైజరు తాందోయ్‌గారు, రొడోరా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డ పెద్దమనిషే, ఇదివరకే మొహం మీద చెప్పేశాడు: ‘నీ పుస్తకం మీద బోర్డు సంతకం పడి, ఫలితం నిలబడితే అరగంట ఉంటుంది. లేకపోతే జూన్ నుంచి అందరికీ ఇంగ్లిషే.’ పైగా థీసిస్‌ను పరీక్షించే ఆ బోర్డులో ఆయనా ఒకడు. తప్పు దాస్తే అరగంట ఉంటుంది. చెప్తే ఊడుతుంది. లెక్క అంత నున్నగా కనబడుతోంది.

అయినా రిజిస్టరు సంచిలో వేసుకుని, కాలేజీ వైపు వెళ్ళే జీప్నీ బండి ఎక్కింది. ఎక్కకుండా ఉండలేకపోయింది, అదీ ఆమె ఖర్మ.

* * *

గైడు డాక్టర్ పెర్పెతువా సల్మోరిన్ అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అరవై దాటిన మనిషి. ఈ కాలేజీలో సగం థీసిస్‌లు ఆవిడ చేతుల మీదుగా వెళ్ళినవే. శిష్యురాళ్ళందరినీ ‘ఇందాయ్’ అనే పిలుస్తుంది, అమ్మాయీ అన్నట్టు.

“ఎవరికైనా చెప్పావా ఇందాయ్?”

“లేదు మేడమ్. తిన్నగా మీ దగ్గరికే.”

“మంచి పని చేశావు. చెప్పకు.” బీరువా తెరిచి ఒక కాగితం తీసింది. అంచులు పసుపెక్కాయి. “థీసిస్‌లో పరిమితులు చెప్పే చోట ఇది పెట్టు. ఇరవై ఏళ్ళుగా అందరూ పెడుతున్నదే.”

రొడోరా చదివింది. ఆమెకు నోటికొచ్చిన పేరానే. లైబ్రరీలో ఏ థీసిస్ తెరిచినా ఇదే ఉంటుంది. ‘కాలము, ధనము, పరిశోధకురాలి సామర్థ్యము పరిమితమైనందున, నమూనా చిన్నదైనందున, ఈ ఫలితములను వేరొకచోటికి వర్తింపజేయరాదు.’

“మేడమ్, ఇందులో నా తప్పేదీ?”

“ఉండకూడదనే కదా. అన్నీ ఒప్పుకున్నట్టుంటుంది, ఏదీ ఒప్పుకోనట్టుంటుంది. బోర్డు వాళ్ళు తలూపి పేజీ తిప్పేస్తారు.”

“ఇది తలకిందుల వ్యవహారం మేడమ్. చెయ్యని తప్పుకి క్షమాపణ, చేసిన తప్పుకి మౌనం. సామర్థ్యం లేదట. పదహారేళ్ళుగా పిల్లలకి చదవడం నేర్పుతున్నాను. నాకు సామర్థ్యం లేదని నా చేత్తో నేనెందుకు రాసుకోవాలి?”

“వినయం కోసం.”

“వినయం నా దగ్గర బోలెడుంది. రిజిస్టరు కోసిన సంగతి చెప్పడమే వినయం.”

పెర్పెతువా విసుక్కుంది. “నీకు అర్థం కావట్లేదు. ఆ తాందోయ్ ఈ అరగంటని ఎప్పుడు పీకేద్దామా అని కాచుక్కూచున్నాడు. నువ్వే కత్తి నూరి చేతికిస్తావా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?”

“తొక్కేశాను మేడమ్. ఇక కడగాల్సిందే.”

“అయితే సరే. కడిగావే అనుకో, ఏం మిగులుతుంది?”

రొడోరా ఆ కాగితం బల్ల మీదే వదిలి లేచింది. ఇంటికొచ్చే దారిలో జీప్నీలో ఆ ప్రశ్న గురించే ఆలోచించింది. కోపం తగ్గేకొద్దీ ప్రశ్న మంచిదేననిపించింది. తప్పు జరిగిందని అరవడం గొప్ప కాదు. ఆ తప్పు ఫలితాన్ని ఏ వైపు వంచింది, ఎంత వంచింది, వంచగా ఏం మిగిలింది? ఇది చెప్పకపోతే తనదీ పసుపెక్కిన పేరానే, కాకపోతే కొత్త కాగితం.

* * *

ఆదివారం పూజ అయ్యాక భర్తనీ అత్తగారినీ కోళ్ళ పందేల వైపు తోలేసి, వంటింటి బల్ల మీద లెక్కలు పరిచింది.

మొదటి ప్రశ్న: కొండ పిల్లల వల్ల ఫలితం ఎటు వంగింది? ఏరు పొంగితే బడికి రారు. ఇంట్లో చదివి వినిపించేవాళ్ళు లేరు. ఆ లెక్కన వాళ్ళు తక్కువ పెరగాలి, అంటే తేడా నిజానికంటే చిన్నగా కనపడాలి. రాసేసి సంబరపడబోయింది. అంతలోనే మనసు ఒప్పుకోలేదు. ఆ పిల్లలు బాగా కిందనుంచి మొదలుపెట్టారు. కిందున్నవాడికి పైకి రావడానికి చోటెక్కువ. మొదటి పరీక్ష రోజు భయంతో నోరు పెగలనివాడు రెండోసారి ఏ అరగంటా లేకుండానే కొంత మెరుగ్గా చదువుతాడు. అప్పుడు తేడా నిజానికంటే పెద్దగా కనపడుతుంది. రెండూ రాయాలి. తనకు అనుకూలమైనదొక్కటే రాస్తే అది ఒప్పుకోలు కాదు, వకాల్తా.

రెండో ప్రశ్న: కొండ పిల్లల్ని పక్కన పెట్టి, ఊరి పిల్లల్ని ఊరి పిల్లలతోనే పోలిస్తే? మొదటి జట్టులో ఊరివాళ్ళు ఆరుగురు. వాళ్ళ పెరుగుదల ఇరవై. రెండో జట్టుది పదకొండు. తేడా తొమ్మిది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఆ తొమ్మిదికి హద్దులు, అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో, లెక్కవేసింది. కింద హద్దు సున్నా దాటి మైనస్ ఒకటికి దిగింది. అంటే తేడా అసలు లేకపోనూవచ్చు. ఆరుగురితో అంతకంటే గట్టిగా ఏం చెప్పగలం? గాలి అటే వీస్తోందని చెప్పగలం, అంతే.

మూడో ప్రశ్న మనసులో ముల్లులా ఉంది. ఇద్దరు కొండ పిల్లలు నవంబరులో బడి మానేశారు. ఫిబ్రవరి పరీక్షకు లేరు కాబట్టి లెక్కలోకి రాలేదు. వాళ్ళు ఒక్క మాట కూడా పెరగలేదనే అనుకుందాం. తేడా పదకొండు నుంచి ఎనిమిదికి పడింది. హద్దులు ఒకటి నుంచి పదహారు.

ఎనిమిది. పదకొండు చూసిన కంటికి ఎనిమిది చిన్నదే. ఆమెకు ఏడుపొచ్చింది, కాస్త ఏడ్చింది కూడా. తర్వాత మొహం కడుక్కుని, ఎండుచేప వేసి అన్నం తిని, పసుపు పేరా ఉండాల్సిన అరవై ఒకటో పేజీలో ఇలా రాసింది:

‘పిల్లల్ని విడదీసింది చీటీలు కావు, రిజిస్టరు వరుస. ఈ ఊరి ఇంటిపేర్లు ఒక అక్షరంతో, కొండమీది ఊరి ఇంటిపేర్లు మరో అక్షరంతో మొదలవుతాయి. అందువల్ల కొండ పిల్లలు పదకొండు మందీ ఇంటి భాష జట్టులోనే పడ్డారు. నేను దీన్ని ఆలస్యంగా గమనించాను. దీనివల్ల తేడా తగ్గి కనిపించి ఉండవచ్చు, ఎందుకంటే వారు బడికి తక్కువ రోజులు రాగలిగారు. పెరిగి కనిపించి ఉండవచ్చు కూడా, ఎందుకంటే వారు తక్కువ స్థాయిలో మొదలుపెట్టారు. ఏది ఎంతో ఈ అధ్యయనం విడదీయలేదు. రెండు జట్లకూ నేనే టీచర్ని. ఇంటి భాష గెలవాలని నాకుంది, ఆ ఉత్సాహం నా బోధనలోకి వచ్చి ఉండవచ్చు. మార్కుల్లోకి రాకుండా, పిల్లల చదువును రికార్డు చేసి, ఎవరు ఏ జట్టో తెలియని వేరే ఊరి టీచరు చేత లెక్కపెట్టించాను. మొత్తం మీద తేడా పదకొండు, హద్దులు నాలుగు నుంచి పద్దెనిమిది. బడి మానిన ఇద్దరూ ఏమీ పెరగలేదనుకుంటే ఎనిమిది. ఊరి పిల్లల్నే పోలిస్తే తొమ్మిది, కానీ ఆరుగురితో వచ్చిన ఆ అంకె ఒంటరిగా నిలబడదు. ఎన్ని విధాల చూసినా తేడా ఎంత అన్నది మారింది, ఎటు అన్నది మారలేదు. అన్ని బళ్ళలోనూ ఇలాగే జరుగుతుందని నేను చెప్పడం లేదు. ఈ బడిలో ఇది జరిగింది. ఇంకోచోట చూడదగ్గంత జరిగింది.’

చివరి రెండు వాక్యాలు పెన్ను గట్టిగా నొక్కి రాసింది. కాగితం వెనక అచ్చు పడింది.

* * *

మంగళవారం వైవా. బోర్డుకు భోజనం పెట్టడం అభ్యర్థి బాధ్యత, అది ఎవరూ రాసుకోని నియమం. రొడోరా ఒక పళ్ళెం పాన్సిత్ సేమ్యా, రెండు కాల్చిన కోళ్ళు, ఆకుల్లో చుట్టి వండిన అరవై ఇబోస్ అన్నం పొట్లాలు మోసుకొచ్చింది. తిండి దగ్గర లోపం ఉండకూడదని అత్తగారి ఆజ్ఞ.

అధ్యక్షుడు డాక్టర్ గవీనో బల్దోమార్, లెక్కల మనిషి, ప్రశ్న ప్రశ్నకూ మధ్య అవతలివాళ్ళ గుండె ఆగేంతసేపు ఆగుతాడు. ఆయన పక్కన తాందోయ్‌గారు ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నాడు. పెర్పెతువా గోడవార కూర్చుని విసనకర్ర ఆడిస్తోంది. అరవై ఒకటో పేజీ ఆవిడ నిన్ననే చూసింది. ‘నీ ఇష్టం, నీ ఖర్మ’ అంది, కానీ సంతకం పెట్టింది.

మొదట తాందోయ్ అందుకున్నాడు. అరవై ఒకటో పేజీ మూల మడిచి పెట్టుకొచ్చాడు.

“టీచర్, ఇది నువ్వే రాశావా?”

“నేనే సర్.”

“జట్లు సమానం కావని నువ్వే అన్నావు. నీ ఉత్సాహం బోధనలోకి వచ్చి ఉండొచ్చని నువ్వే అన్నావు. పదకొండు కాస్తా ఎనిమిదయిందని నువ్వే అన్నావు. ఇక నేననడానికి మిగిలిందేముంది? కొండను తవ్వి ఎలుకను పట్టావు. ఆ ఎలుక కూడా ఉందో లేదో తెలీదంటున్నావు.”

“ఉంది సర్. ఎంత లావో తెలీదన్నాను.”

గోడవార విసనకర్ర ఆగింది.

“మాటలు బావున్నాయి,” అన్నాడు తాందోయ్. “ముప్పై నలుగురు పిల్లలు. ఒక బడి. దీన్ని పట్టుకుని జిల్లా మొత్తం అరగంట ఇవ్వమంటావా?”

“అనలేదు సర్. అన్నట్టు ఏ పేజీలో ఉందో చూపించండి.”

ఆయన పేజీలు తిప్పాడు. లేదు కాబట్టి చూపించలేదు.

రొడోరా తన ప్రతిలోనూ అరవై ఒకటో పేజీ తెరిచింది. “సర్, మీరు చదివిన మూడు మాటలూ నావే. నాలుగోది కూడా చదవండి. ఎన్ని విధాల చూసినా దిక్కు మారలేదని ఉంది. లోపం ఉందని చెప్తే ఫలితం లేదని అర్థం కాదు. జ్వరం కొలిచే గొట్టం ఒక గీత అటూఇటూ చూపిస్తుందని చెప్తే, పిల్లాడికి జ్వరం లేదంటారా?”

“ఇంగ్లిషులో చదివించినా పెరిగారు కదా?”

“పెరిగారు. పదకొండు మాటలు. అదీ రాశాను. ఈ పుస్తకంలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి సర్. మీకు నచ్చనివి ఉన్నాయని తీసేయమంటే మాత్రం తియ్యను.”

తాందోయ్ మొహం ఎర్రబడింది. పెళ్ళిలో పక్కన నిలబడ్డ మనిషితో ఇలా మాట్లాడుతున్నానే అని రొడోరాకు ఒక్క క్షణం అనిపించింది. అనిపించినా వెనక్కి తగ్గలేదు.

అప్పుడు బల్దోమార్ నోరు విప్పాడు. “టీచర్, గతనెల నాకు పంపిన ప్రతి గుర్తుందా? ఈ పేజీ లేనిది.”

“గుర్తుంది సర్.”

ఆయన సంచిలోంచి ఆ పాత ప్రతి తీసి బల్ల మీద తెరిచాడు. జట్ల గురించిన పేజీ మీద ఎర్ర పెన్సిలు సున్నా చుట్టి ఉంది. పక్కన ఒకే ఒక్క ‘బి’ రాసి ఉంది. “రిజిస్టరు వరుసలో విడదీశానని చదవగానే చుట్టాను. మీ ఊళ్ళో ఇది ఎవరికీ కనపడదు. మా నాన్న కొండమీది వాడు. ఈ సున్నాతో మిమ్మల్ని ఇంటికి పంపుదామనే వచ్చాను.”

ఆయన పాత ప్రతి మూసి, కొత్త ప్రతిలో అరవై ఒకటో పేజీ తెరిచాడు.

“మీరే ముందు చెప్పేశారు. అయినా వదలను. ఊరి పిల్లల తేడా కింద హద్దు మైనస్‌లోకి దిగింది. అంకె వెయ్యకుండా ‘ఒంటరిగా నిలబడదు’ అని ఎందుకు తప్పించుకున్నారు?”

రొడోరా పెన్ను మూత తీసింది. అది నిజం. ఆదివారం ఏడ్చిన కళ్ళతో ఆ మైనస్‌ను పేజీలోకి రానివ్వకుండా పక్కకు తోసేసింది. “తప్పే సర్. మైనస్ ఒకటి నుంచి పంతొమ్మిది. ఇప్పుడే రాస్తాను.”

అక్కడే, అందరూ చూస్తుండగా, నాలుగు ప్రతుల్లోనూ పెన్నుతో రాసింది.

“తాందోయ్‌గారూ,” అన్నాడు బల్దోమార్, “ఫలితం నిలబడుతుంది. ఆవిడ ఎంత చెప్పిందో అంతే నిలబడుతుంది, అంతకంటే ఒక్క మాట ఎక్కువ కాదు. నేను సంతకం పెడుతున్నా.”

తాందోయ్ పెన్ను తెరవలేదు. “పెద్ద సంఖ్యలో చూపిస్తే అప్పుడు నేనూ పెడతాను.”

“ఇవ్వండి సర్ పెద్ద సంఖ్య,” అంది రొడోరా. “అరగంట తీసేస్తే ఇంక ఎక్కడ చూడను? మీ జిల్లాలో అయిదు బళ్ళు ఇవ్వండి. ఈసారి రిజిస్టరు ముట్టుకోను. తల్లిదండ్రుల ముందు అన్నం గిన్నెలో చీటీలు వేసి తీస్తాను. కావాలంటే మీరే తియ్యండి. ఓడిపోతే అదీ రాస్తాను, మీకు తెలుసు రాస్తానని.”

ఆ చివరి మాటకు ఆయన ఆమె వంక కొత్తగా చూశాడు. తెలుసు. అరవై ఒకటో పేజీ ఎదురుగానే ఉంది. రాస్తుంది, మొండిది. గెలిచినా రాస్తుంది, అది ఇంకా ఇబ్బంది.

“ఒక్క ఏడాది,” అన్నాడు. “అయిదు బళ్ళు. చీటీలు నేనే తీస్తాను.” సంతకం పెట్టి, ఇబోస్ పొట్లం ఒకటి విప్పుకున్నాడు.

* * *

అందరూ వెళ్ళాక మిగిలిన కోడిముక్కలు డబ్బాలో సర్దుతుంటే పెర్పెతువా దగ్గరికి వచ్చింది. బల్ల మీది ఆ అరవై ఒకటో పేజీ వేలితో నిమిరింది.

“బావుంది ఇందాయ్. నాకో కాపీ ఇవ్వు. ఆ పసుపు కాగితం పారేసి, వచ్చే ఏడాది థీసిస్ రాసే పిల్లలందరికీ ఇదే ఇస్తాను. పెట్టుకుంటారు.”

రొడోరా డబ్బా మూత గట్టిగా నొక్కింది. “ఇవ్వను మేడమ్.”

“అదేమిటే?”

“అది నా పదకొండు మంది పిల్లలు వరుసగా ఒకే పక్క పడ్డ లోపం. వాళ్ళది ఇంకేదో అయ్యుంటుంది. ఎవరి రిజిస్టరు వాళ్ళనే తెరిచి చూసుకోమనండి.”

పెర్పెతువా చిన్నబోయింది, తర్వాత నవ్వింది, చివరికి ఒక కోడికాలు అడిగింది. అది మాత్రం రొడోరా ఇచ్చింది.